అప్‌డేట్: వరిగడ్డి, పేడ కంపోస్ట్ లెక్క తేలింది

నా ప్రశ్న: "100 కిలోల ఎండు వరిగడ్డికి 100 కిలోల పచ్చి పేడ కలిపాను, కుప్ప వేడెక్కడం లేదు. కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి ఎలా లెక్కించాలి?"

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. నీటి బరువు తీసేసి లెక్కించమన్న సలహాయే పనిచేసింది. గడ్డిలో తేమ పోను 90 కిలోలు: కార్బన్ సుమారు 36, నైట్రోజన్ 0.54 కిలోలు. పేడలో అయిదింట నాలుగు వంతులు నీళ్లే! మిగిలిన 20 కిలోల్లో కార్బన్ 7.2, నైట్రోజన్ 0.36. మొత్తం కార్బన్‌ను మొత్తం నైట్రోజన్‌తో భాగిస్తే 48. కావాల్సింది 30 దగ్గర.

పేడతోనే సరిచేయాలంటే మొత్తం 550 కిలోలు కావాలి, అంత ఎక్కడిది? అందుకే 30కి రావడానికి ఇంకా కావాల్సిన 0.54 కిలోల నైట్రోజన్‌కు 1.2 కిలోల యూరియా నీళ్లలో కరిగించి పొరపొరకీ చల్లాను. చెయ్యి పెడితే కాలేంత వేడొచ్చింది. కొందరు చెప్పిన బెల్లం నీళ్ల వల్ల మాత్రం తేడా ఏమీ కనిపించలేదు.