కనెక్ట్ అయింది గానీ ఎడమ చెవిలో రాదు, రోడ్డెక్కితే తెగుతుంది: తప్పు ఫోనుదా, బడ్స్‌దా?

వంశధార (గుణుపురం)
బడ్స్ ఫోనుకి కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది. పాట మాత్రం కుడి చెవిలోనే వస్తోంది, ఎడమది అప్పుడప్పుడు పలికి ఆగిపోతోంది. ఇంట్లో కుడిది బాగానే ఉంటుంది, రోడ్డు మీదికెళ్తే అదీ ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఫోను పాడైందా, బడ్సా? కొత్తవి కొనాలా?

మహేంద్రగిరి (పర్లాకిమిడి)
ఏదీ పాడవలేదు. బజార్లో ప్రతి కొట్టుకీ ఒక వైఫై ఉంది. చాలా వైఫైలు బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తాయి కాబట్టి అక్కడ తెగుతుంది. ఫోన్లో `About phone`కి వెళ్ళి `Build number` మీద ఏడుసార్లు నొక్కండి, `Developer options` తెరుచుకుంటాయి. అందులో `Bluetooth Audio Codec` చూడండి, కోడెక్ అంటే పాటని కుదించి బడ్స్‌కి పంపే పద్ధతి. `LDAC` ఉంటే తీసేసి `SBC` పెట్టండి. LDAC సెకనుకి 990 కిలోబిట్ల దాకా పంపబోయి దారి చాలక తెగుతుంది. ఇదే కారణం, వేరే వెతకక్కర్లేదు.

పట్టుపురం (బరంపురం)
మరి ఎడమ చెవి సంగతేమిటి?

మహేంద్రగిరి
సిగ్నల్ చాలనప్పుడు ముందు ఒకటి పోతుంది. కోడెక్ మారిస్తే రెండూ వస్తాయి.

నాగావళి (రాయగడ)
వంశధార గారూ, ఏదీ మార్చకముందు మూడు సంగతులు చూసి చెప్పండి. ఫోన్ బ్లూటూత్ జాబితాలో మీ బడ్స్ పేరు ఒకసారి ఉందా, రెండుసార్లా? ఎవరికైనా ఫోన్ చేస్తే ఎడమ చెవిలో గొంతు వినబడుతోందా? కుడిదాన్ని డబ్బాలో పెట్టి మూత వేసి, ఎడమది ఒక్కటే చెవిలో పెడితే పలుకుతోందా?
వీటితోపాటు ఫోన్ `Accessibility`లో శబ్దం ఎడమ కుడి సమానం చేసే గీత నడుమ ఉందో లేదో చూడండి. పొరపాటున వేలు తగిలి ఆ గీత ఒక పక్కకి జరిగి ఉంటే మిగతా కష్టమంతా వృథా.

ప్రాణహిత (సిరొంచ)
అన్నా, నాది గూడ గిదే బాధ. నాది మెడకు వేసుకునేది. ఎడమ దిక్కు రాదు, తీగ కదిపితే కరకర అని వస్తది. మా దగ్గర ఒక షాపుల ఇస్తే సాఫ్ట్‌వేర్ వేసిన అని పైసలు తీసుకుండు, మల్ల అట్లనే ఉంది. ఈ రిపేరోళ్ళను నమ్మొద్దు.

నాగావళి
ప్రాణహిత అన్నా, మీది పూర్తిగా వేరు. కదిపితే వచ్చి, వదిలితే పోతోందంటే లోపల తీగ తెగింది. మెడ పట్టీలోంచి సన్న తీగ బయటికొచ్చే చోట రోజూ వంగి వంగి అక్కడే విరుగుతుంది. ఆ అంగుళం మేర వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా వంచి చూడండి, ఏ వంపులో పలుకుతుందో అక్కడే తెగింది. అక్కడ కోసి టంకం వేయాలి. సాఫ్ట్‌వేర్‌తో తీగ అతకదు, మీ దగ్గర డబ్బు తీసుకున్నది తప్పే.

వంశధార
చూశానండి. గీత నడుమనే ఉంది. పేరు రెండుసార్లు ఉంది, ఒకదాని చివర L అని ఉంది. కాల్ చేసినా ఎడమలో రాలేదు. ఎడమది ఒక్కటే పెడితే పలికింది, పది నిమిషాలకి ఆగిపోయింది. కోడెక్‌లో LDAC బూడిద రంగులో ఉంది, నొక్కితే రావట్లేదు. SBC, AAC రెండే ఉన్నాయి.

మహేంద్రగిరి
AAC ఉంటే దాన్నే SBC చేయండి. నేను చెప్పింది అదే.

నాగావళి
మీరు చెప్పింది LDAC. ఆ బడ్స్‌లో అదే లేదు. ఇక్కడ రెండు తప్పులు కలిసిపోయాయి, విడదీయకపోతే పదిసార్లు కోడెక్ మార్చినా తెమలదు.

మొదటిది జత విడిపోవడం. చాలా బడ్స్‌లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది ఫోన్‌తో మాట్లాడుతుంది, చిన్నది పెద్దదాన్ని పట్టుకుని ఉంటుంది. మీకు పేరు రెండుసార్లు వచ్చిందంటే ఎడమది కుడిదాన్ని వదిలేసి తనే నేరుగా ఫోన్‌కి చేరింది. ఫోను ఒకసారికి ఒకదానికే పాట పంపుతోంది.

ఇలా చేయండి. రెండు పేర్లూ `Forget` చేయండి. ఈ బడ్స్‌ని ఎప్పుడైనా కలిపిన ఇంట్లో ఫోన్లు, ట్యాబు అన్నిట్లోనూ చేయాలి. తర్వాత అన్నిటి బ్లూటూత్ ఆపేయండి. చాలామంది ఈ పని మరిచిపోతారు. ఆపకపోతే రీసెట్ అవుతూనే కుడిది పాత ఫోన్‌కి పరిగెడుతుంది, ఎడమది మళ్ళీ ఒంటరిదవుతుంది. రెండూ డబ్బాలో పెట్టి, దాంతో వచ్చిన కాగితంలో రీసెట్ ఎలాగో చూసి అలాగే చేయండి. కొన్నిటికి డబ్బా బొత్తాం, కొన్నిటికి బడ్స్ మీదే పది సెకన్లు నొక్కిపట్టాలి. తర్వాత రెండూ ఒకేసారి బయటికి తీసి పక్కపక్కన పెట్టండి. చాలా రకాల్లో రెండు దీపాల్లో ఒకటి ఆరిపోయి ఒకటే మెరుస్తుంటే అవి కలిసినట్టు. అప్పుడే ఫోన్లో బ్లూటూత్ వేసి, కనబడే ఒక్క పేరునే ఎంచుకోండి.

రెండోది, ఎడమది పది నిమిషాలకే ఆగిందన్నారు కదా. దాని చార్జింగ్ చూడాలి, రీసెట్‌తో తేలేది కాదు. ఎడమదాన్ని డబ్బాలో పెట్టగానే దీపం వెలుగుతోందా? వేలితో అదిమితేనే వెలిగితే పిన్నుల దగ్గరే లోపం. చెమట ఉప్పు పట్టి రాగి కొసలు ఆకుపచ్చగా అవుతాయి. మొబైల్ షాపుల్లో తుడవడానికి వాడే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల తడిపి, పిండేసి, డబ్బాలోని పిన్నుల్నీ బడ్ మీది రేకుల్నీ తుడవండి. పిన్నుల కింద స్ప్రింగులుంటాయి, నొక్కితే దిగి మళ్ళీ పైకి రావాలి. నీళ్ళు, చేతులకి రాసే జిగురు శానిటైజరూ వద్దు.

పట్టుపురం
పిన్ను తగలకపోతే ఇంకో బాధ. డబ్బాలో ఉన్నా తను బయటే ఉన్నాననుకుని బడ్ వెలుగుతూనే ఉంటుంది. రాత్రంతా అలా ఉంటే తెల్లారేసరికి చార్జ్ ఖాళీ.

మహేంద్రగిరి
అంతా ఎడమ చెవి గురించే. రోడ్డు మీద కుడిది కూడా తెగుతోందన్నారు కదా. దానికి పిన్నులేం చేస్తాయి? అది వైఫై. దీనికి జవాబు ఎవరూ చెప్పలేదు.

నాగావళి
సరైన ప్రశ్నే. వైఫై ఒక కారణం కావచ్చు, అదొక్కటే అనకండి. బ్లూటూత్ 79 చిన్న దారుల మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతూ, వైఫై నిండిన దారుల్ని తప్పించుకుంటుంది. ఒక వైఫై వాటిలో ఇరవై దాకా ఆక్రమిస్తుంది. రెండు మూడు ఉన్నా మిగిలిన దారుల్లో పాట నడుస్తుంది. బస్టాండులాంటి చోట మరీ గట్టిగా ఉంటే తెగొచ్చు.

కానీ ఇంట్లో బాగుండి బయట తెగడానికి ఇంకో కారణం ఉంది. మన ఒళ్ళు నీటి ముద్ద, ఆ తరంగాల్ని తాగేస్తుంది. ఇంట్లో గోడలు, పైకప్పు తగిలి సిగ్నల్ వెనక్కి తిరిగి చెవికి చేరుతుంది. ఆరుబయట గోడ లేదు కాబట్టి ప్యాంటు వెనక జేబులో ఫోన్ నుంచి చెవికి దారి మనిషి గుండానే. ఫోన్ ఎడమ జేబులో, పెద్ద బడ్ కుడి చెవిలో ఉంటే ఇంకా కష్టం.

తేల్చుకునే మార్గం మీ ఊళ్ళోనే ఉంది. సాయంత్రం వంశధార నది ఇసుకలోకి నడవండి. అక్కడ ఏ కొట్టు వైఫై లేదు. ఫోన్ ఎడమ వెనక జేబులో పెట్టి ఐదు నిమిషాలు నడవండి, తర్వాత అదే పాటతో చొక్కా జేబులో పెట్టి ఐదు నిమిషాలు. అక్కడా వెనక జేబులో తెగితే వైఫై కాదు.

మహేంద్రగిరి
నది దాకా వెళ్ళాలా? మీలా రిపేరు బల్ల ముందు కూర్చున్నవాళ్ళు ప్రతిదాన్నీ పెద్దది చేస్తారు. తుడవడానికో రేటు, రీసెట్‌కో రేటు. ప్రాణహితకి జరిగింది చూశాం కదా.

నాగావళి
వంశధార గారికి నేను పైన రాసిన ప్రతి పనీ రిపేరు షాపుకి పైసా ఇవ్వకుండా తనే చేసుకునేదే. షాపుకి రమ్మని ఎక్కడ రాశాను? ఒకడు మోసం చేశాడని అందరికీ అంటగట్టకండి. మీరు మొదటి మాటలోనే ఏదీ పాడవలేదని తేల్చేశారు, బడ్స్ చూడకుండానే.

మహేంద్రగిరి
నా బాధ అది కాదు. ఎడమదానిలో సెల్ పోయిందనుకోండి. అంత చిన్న బ్యాటరీ ఎవరు మారుస్తారు? ఒక్క బడ్ ఎవరు అమ్ముతారు? నాలుగు రోజులు తుడిపించి చివరికి కొత్తది కొనమంటే ఆ నాలుగు రోజులూ దండగ. అదేదో ముందే చెప్పాలి.

నాగావళి
ఇదీ అసలు మాట. దీనికి నాకూ పూర్తి జవాబు లేదు. కొన్ని కంపెనీలు ఒక్క బడ్ విడిగా ఇస్తాయి, చాలా చవక రకాలకి ఇవ్వరు. ఇంకో సెట్‌లోని ఎడమది తెచ్చి పెడితే మోడలూ లోపలి సాఫ్ట్‌వేరూ ఒకటే అయితే రీసెట్‌తో కలవొచ్చు, కలవకపోవచ్చు. కొన్నాక వాపసు ఇవ్వరు. అందుకే ముందు సెల్ పోయిందో లేదో తేల్చుకోవాలంటున్నాను, దానికి నాలుగు రోజులక్కర్లేదు. రెండూ నిండా చార్జ్ చేసి, ఒకేసారి చెవిలో పెట్టి, సగం సౌండులో అరగంట పాట వినండి. తర్వాత ఫోన్లో రెండింటి శాతం చూడండి. ఫోన్‌తో మాట్లాడే బడ్ కొంచెం ఎక్కువ తింటుంది కాబట్టి కుడిది కాస్త తగ్గినా తప్పు కాదు. మీకు ఎడమది ఎక్కువ తగ్గితే అది సెల్. గ్యారంటీ ఉంటే విప్పకండి, అలాగే పంపండి.

వంశధార
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. తుడిచి, మీరు చెప్పినట్టే రీసెట్ చేశాను. ఇప్పుడు పేరు ఒకటే ఉంది, రెండు చెవుల్లోనూ వస్తోంది. అరగంట పరీక్షలో కుడిది 90, ఎడమది 40. ఇంకో పావుగంటకి ఎడమది ఆగిపోయింది.
నది ఒడ్డున వెనక జేబులో ఉన్నప్పుడు నడిచినంతసేపూ తెగింది. చొక్కా జేబులో ఒక్కసారీ తెగలేదు. బస్టాండులో మాత్రం చొక్కా జేబులో పెట్టినా రెండుసార్లు తెగింది.

పట్టుపురం
ఎడమది సెల్లే. గ్యారంటీ బిల్లు వెతకండి.

వంశధార
బిల్లు ఉంది, ఇంకా రెండు నెలలుంది. పంపిస్తాను.

మహేంద్రగిరి
బస్టాండులో తెగిందంటే అక్కడ నేను చెప్పిందే. AAC తీసి SBC పెట్టి అదే చోట మళ్ళీ చూడండి.

నాగావళి
చూడండి, అభ్యంతరం లేదు. AAC, SBC రెండింటితోనూ ఒకే బెంచీ మీద, అదే రద్దీ వేళకి కూర్చుని, ఎన్నిసార్లు తెగిందో, ఫోన్ ఏ జేబులో ఉందో రాయండి.