మా అకౌంటెంట్ అన్న వీడ్కోలుకు రెండు నిమిషాల మాటలు, కాస్త సాయం చేయండి

నెట్‌లో దొరికిన నమూనాలన్నీ ‘అంకితభావం, క్రమశిక్షణ’ అంటున్నాయి. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. అందుకే జరిగింది చెప్తున్నా.

2020 అక్టోబరు వానలకు మలక్‌పేటలోని మా ఆఫీసు సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. అన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, జీతాల రిజిస్టర్లు నెత్తిన పెట్టుకుని పైకి తెచ్చాడు. తడిసిన కాగితాలను ఫ్యాన్ కింద ఒక్కోటి విడదీసి ఆరబెడుతూ, మొహం వేలాడేసుకున్న నాతో అన్నాడు: “ముందు చాయ్ చెప్పు, తర్వాత ఏడుద్దాం.”

నేను రోజూ ‘అన్నా’ అనే పిలుస్తా. మైకులో ‘గారు’ అంటే అందరూ నవ్వుతారు. ఆయనకు పొగడ్తలంటే మహా ఇబ్బంది, హాల్లోంచి లేచి వెళ్లిపోయే రకం.

వానతో మొదలుపెట్టాలా, నేరుగా ఆ చాయ్ మాటతోనా? మొదటి నాలుగు వాక్యాలు, నేను మాట్లాడినట్టే, ఎవరైనా రాసివ్వగలరా?