ఐఐటీ పేరున్న ఆన్‌లైన్ కోర్సు: సర్టిఫికెట్ చెల్లుబాటు, ఫీజు వాపసు, అసలు పాఠం చెప్పేదెవరు?

గుంటూరు_బీకాం: నేను బీకాం పూర్తి చేశాను. ఒక ప్రైవేటు ప్లాట్‌ఫారం వారు ఐఐటీ సర్టిఫికెట్‌తో ఆరు నెలల డేటా అనలిటిక్స్ కోర్సు ఇస్తామంటున్నారు. ఫీజు జీఎస్టీతో కలిపి 1,18,000 రూపాయలు, పన్నెండు వాయిదాలు, వడ్డీ లేదట. ఈ సర్టిఫికెట్ చెల్లుతుందా? నచ్చకపోతే డబ్బు వెనక్కి వస్తుందా? శనివారంలోగా కట్టమంటున్నారు.

విశ్రాంత_అధ్యాపకుడు: చెల్లదు. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైటులో గుర్తింపు పొందిన ఆన్‌లైన్ కోర్సుల జాబితా ఉంటుంది, చూసుకోండి. మీరు చెప్పిన కోర్సు అందులో కనిపించదు. విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్ చదువును ఫ్రాంచైజీ పద్ధతిలో ప్రైవేటు కంపెనీలకు అప్పగించడానికి అనుమతి లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 జనవరిలోనే హెచ్చరించాయి. అంత స్పష్టంగా చెప్పిన తరువాత కూడా మన పిల్లలు లక్ష రూపాయలు పట్టుకుని వెళుతుంటే ఏమనాలో తెలియడం లేదు.

మాజీ_మెంటర్: అధ్యాపకులు గారు చెప్పిన హెచ్చరిక నిజమే గాని, అది ఈ ప్రశ్నకు సరిపోదు. ఆ జాబితా డిగ్రీలకు, డిప్లొమాలకు సంబంధించినది. ఆరు నెలల నైపుణ్య కోర్సు అందులో లేకపోవడం మోసానికి రుజువు కాదు. రేపు ఎవరైనా ఇదే ప్లాట్‌ఫారంలో ఎంబీఏ చేస్తానంటే మాత్రం ఆ జాబితా చూడకుండా ఒక్క రూపాయి కూడా కట్టకూడదు.

ఇక్కడ చూడవలసినది సర్టిఫికెట్‌పై సంతకం ఎవరిది అన్నది. ఐఐటీ ముద్ర కనిపించే సర్టిఫికెట్లన్నీ ఒకటి కావు. కొన్నింటిని సంస్థ నిరంతర విద్యా కేంద్రం స్వయంగా ఇస్తుంది. కొన్నింటిని ఐఐటీ ప్రాంగణంలో ఉండే టెక్నాలజీ హబ్ ఇస్తుంది. ఈ హబ్‌లు కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఏర్పడినవే అయినా, చట్టం దృష్టిలో కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద, అంటే లాభాపేక్ష లేనివిగా, విడిగా నమోదైన కంపెనీలు. మూడో రకంలో సర్టిఫికెట్ ప్లాట్‌ఫారానిదే, ఐఐటీ ఆచార్యుడొకరు ఒకటి రెండు ఉపన్యాసాలు ఇచ్చి ఉంటారు, అంతే. ప్రకటనలో మూడూ ‘ఐఐటీ సర్టిఫికెట్’ గానే కనిపిస్తాయి. నమూనా సర్టిఫికెట్ అడిగి తెప్పించుకుని, కింద సంతకం దగ్గరున్న హోదాను, కార్యాలయం పేరును అక్షరం అక్షరం చదవండి. తరువాత ఆ ఐఐటీ సొంత వెబ్‌సైటులో ఈ కోర్సు పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ కార్యాలయానికే మెయిల్ రాసి అడగండి.

బీటెక్_మూడో_ఏడు: గుర్తింపు గురించి నా అనుభవం వినండి. ఐఐటీలు ప్రభుత్వ నిధులతో నడిపే ఆన్‌లైన్ పాఠాల పథకం ఎన్‌పీటీఈఎల్ పరీక్ష రాసి ఎలీట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మా కాలేజీ క్రెడిట్లు ఇవ్వలేదు. యూజీసీ నలభై శాతం వరకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోని కోర్సులకు క్రెడిట్లు ఇవ్వాలని చెప్పింది కదా! ప్రభుత్వ సర్టిఫికెట్టే చెల్లనప్పుడు ప్రైవేటుది ఏం చెల్లుతుంది?

మాజీ_మెంటర్: తమ్ముడూ, 2021 నిబంధనల్లో ఉన్నది ‘నలభై శాతం వరకు అనుమతించవచ్చు’ అన్న గరిష్ఠ పరిమితి. తప్పక ఇచ్చి తీరాలని అందులో లేదు. ఏ సెమిస్టరులో ఏ కోర్సును దేనికి బదులుగా తీసుకోవాలో మీ కాలేజీ ముందుగా ఆమోదించాలి. పరీక్ష రాసి వచ్చాక అడిగితే ఎక్కువసార్లు లేదనే అంటారు. అయితే అడిగిన వారు డిగ్రీ పూర్తి చేశారు కాబట్టి వారికి క్రెడిట్లతో పనిలేదు.

కూకట్‌పల్లి_పద్మ: మా చెల్లెలు ఇలాంటి కోర్సే చేసి ఉద్యోగం తెచ్చుకుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు, తను చేసిన ప్రాజెక్టు గురించే అడిగారు. అందరూ భయపెట్టేవారే గాని దారి చెప్పేవారు లేరు.

విశ్రాంత_అధ్యాపకుడు: అమ్మా, సర్టిఫికెట్ ఎవరూ అడగలేదని మీరే అంటున్నారు. అడగని దానికి 1,18,000 ఎందుకు? నేను మొదటి నుంచి చెబుతున్నది అదే. యూజీసీ గుర్తింపు లేనిది చెల్లదు.

డల్లాస్_నుంచి: ఇక్కడ ఉద్యోగంలో చేరేటప్పుడు జరిగే విచారణలో నా డిగ్రీ చూశారు, పాత ఉద్యోగాలు చూశారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ల జోలికి ఎవరూ పోలేదు.

వాయిదాల_బాధితుడు: అందరూ సర్టిఫికెట్ చుట్టూనే తిరుగుతున్నారు, అసలు ప్రమాదం వాపసు దగ్గర ఉంది. ‘వడ్డీ లేని వాయిదా’ అంటే అది ప్లాట్‌ఫారంతో పెట్టుకున్న ఖాతా అనుకుంటాం. నిజానికి అది ఒక ఫైనాన్స్ కంపెనీ మన పేరున ఇచ్చే అప్పు. నేను చేరిన చోట (పేరు చెప్పను) ‘ఏడు రోజుల్లో పూర్తి వాపసు’ అని కౌన్సిలర్ ఫోనులో చెప్పాడు. ఆ ఏడు రోజులను డబ్బు కట్టిన నాటి నుంచి లెక్కపెట్టారు. మా బ్యాచ్ మొదలైంది రెండు వారాల తరువాత. మొదటి క్లాసు వినేసరికే గడువు ముగిసిపోయింది. మానేశాను, వాయిదా మాత్రం నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి పోయింది. ఆపేస్తే సిబిల్ స్కోరు పడిపోయింది. ప్లాట్‌ఫారం వారిని అడిగితే అప్పు సంగతి ఫైనాన్స్ కంపెనీది అన్నారు, ఫైనాన్స్ కంపెనీని అడిగితే కోర్సు సంగతి తమకు సంబంధం లేదన్నారు.

చట్టం_తెలిసినవాడు: దీనికి అంత కంగారు అక్కరలేదు. డిజిటల్ అప్పులకు రిజర్వు బ్యాంకు విరమణ గడువు పెట్టింది. ఆ గడువులో అప్పు రద్దు చేసుకుంటే జరిమానా ఉండదు. గుంటూరు మిత్రులు ధైర్యంగా కట్టి, నచ్చకపోతే రద్దు చేసుకోవచ్చు.

మాజీ_మెంటర్: దయచేసి ఆ ధైర్యం చెప్పకండి. విరమణ గడువు ఉన్న మాట నిజం. కాని అందులో బయటపడాలంటే అసలును, అన్ని రోజుల ఖర్చును తిరిగి కట్టాలి. అసలు ఎక్కడుంది? ఫైనాన్స్ కంపెనీ దాన్ని నేరుగా ప్లాట్‌ఫారానికి పంపింది, మీ చేతికి రానేలేదు. ప్లాట్‌ఫారం వెనక్కి ఇవ్వకపోతే ఆ లక్షా చిల్లర మీ జేబులోంచి కట్టి విరమించుకోవాలి. పైగా ఆ గడువు కొన్నిచోట్ల ఒక్క రోజే ఉండవచ్చు. అప్పు పత్రాలతో పాటు ఇచ్చే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’లో ఎన్ని రోజులో రాసి ఉంటుంది, సంతకానికి ముందే చదవాలి.

కాబట్టి రెండు గడువులను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఉదాహరణకు 1వ తేదీన కట్టారు, క్లాసు 15న మొదలవుతుంది, వాపసు గడువు 7వ తేదీతో ముగుస్తుంది, అప్పు విరమణ గడువు 3వ తేదీతోనే ముగుస్తుంది అనుకోండి. ఒక్క పాఠమైనా వినకముందే రెండు తలుపులూ మూసుకుపోయినట్టే. వాపసు గడువు మొదటి క్లాసు నుంచి లెక్కిస్తామని, రద్దయితే ఫైనాన్స్ కంపెనీకి డబ్బు తామే తిరిగి కడతామని ప్లాట్‌ఫారం మెయిల్‌లో రాసిస్తేనే కట్టండి. రిజిస్ట్రేషన్ రుసుము వాపసు ఉండదని, రికార్డు వీడియోలు కొంత శాతం చూస్తే వాపసు పోతుందని నిబంధనల అడుగున ఉంటుంది, అది కూడా చూడండి.

బాధితుడు గారూ, అప్పు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాశారా? ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. ప్లాట్‌ఫారంపై వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 వేరు. రెండింటికీ వేర్వేరుగా రాయాలి. ఒకరికి రాసినది మరొకరికి చేరదు.

వాయిదాల_బాధితుడు: 1915కు చేశాను. ఫైనాన్స్ కంపెనీకి ఫోన్లు తప్ప రాతపూర్వకంగా ఏమీ లేదు.

విశ్రాంత_అధ్యాపకుడు: మాజీ మెంటర్ గారికి ఇన్ని లోగుట్లు ఎలా తెలుసు? అలాంటి కంపెనీ జీతం తిన్నవారే ఇప్పుడు నీతులు చెబుతున్నారా?

మాజీ_మెంటర్: తిన్నాను. అందుకే తెలుసు. కోర్సు పేజీలో నలుగురు ఆచార్యుల ఫొటోలు ఉండేవి, వారంవారం క్లాసు చెప్పింది నేనూ, నాలాంటి ఇంకొందరూ. నాకు ఆ సబ్జెక్టులో రెండేళ్ల అనుభవం ఉంది, నా పాఠం చెడ్డదేమీ కాదు, కాని నన్ను చూసి ఎవరూ డబ్బు కట్టలేదు. నేను మానేసిన తరువాత కూడా నా ఫొటో ‘పరిశ్రమ నిపుణుడు’ అన్న పేరుతో ఆ పేజీలో ఉంది, తీయమని ఎన్ని మెయిళ్లు రాసినా తీయలేదు.

అసలు అడగవలసిన పత్రం వారాల వారీ టైంటేబుల్. ఏ వారం, ఎన్ని గంటలు, ఎవరు, ప్రత్యక్షంగానా రికార్డుగానా అన్నది అందులో ఉండాలి. ‘ఐఐటీ ఆచార్యుల మాస్టర్‌క్లాస్‌లు’ అని మాత్రమే ఉంటే ఎన్ని గంటలో అడగండి. ఆచార్యుడి పేరు చెబితే ఆయన విభాగం పేజీ తెరిచి, అక్కడున్న సంస్థ మెయిల్‌కు ‘ఈ కోర్సులో మీరు పాఠం చెబుతున్నారా’ అని ఒక వాక్యం రాయండి.

విశ్రాంత_అధ్యాపకుడు: సరే, ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. నాకు ప్లాట్‌ఫారాలపై కోపం తక్కువ. వ్యాపారి వ్యాపారమే చేస్తాడు. జనం పన్నుల డబ్బుతో, ఎంట్రన్సు పరీక్షల కష్టంతో పేరు తెచ్చుకున్న సంస్థలు ఆ పేరును పంచుకోవడమే నా బాధ. మా కాలేజీలో ముప్పై మందికి పాఠం చెప్పడానికి ఎన్ని తనిఖీలు! ఇక్కడ వేలమందికి పేరు అతికించడానికి ఏ తనిఖీ ఉంది? అందుకే గుర్తింపు గుర్తింపు అంటున్నాను.

మాజీ_మెంటర్: ఇందులో మీతో సగమే ఏకీభవిస్తాను. యూజీసీ ముద్ర ఉన్నంత మాత్రాన పాఠం బాగుంటుందని నేను నమ్మను. ఆ ముద్ర ఉన్న కాలేజీల్లో నేనూ చదివాను.

కూకట్‌పల్లి_పద్మ: మీ ఇద్దరి పోట్లాటలో గుంటూరు అబ్బాయికి ఏం చేయాలో చెప్పండి.

మాజీ_మెంటర్: ముందు తక్కువ ఖర్చుతో తనకిది పడుతుందో లేదో తేల్చుకోవాలి. స్వయం వేదికపై ఐఐటీ రూర్కీ వారి ‘డేటా అనలిటిక్స్ విత్ పైథాన్’ అనే పన్నెండు వారాల ఎన్‌పీటీఈఎల్ కోర్సు ఉంది. చదవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు 1,000 రూపాయలు కట్టి కేంద్రానికి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 25కు 25 వచ్చినా పరీక్షలో 28 వస్తే సర్టిఫికెట్ రాదు, ఎందుకంటే పరీక్షలో కనీసం 30 రావాలి. పాఠం చెప్పే ఆచార్యుడి పేరు కోర్సు పేజీలోనే ఉంటుంది, వీడియోలో కనిపించేదీ ఆయనే. లోపమూ ఉంది: మీ సందేహానికి ఆ రాత్రే జవాబు చెప్పేవారు ఉండరు, ఉద్యోగం చూపిస్తామనేవారూ ఉండరు.

కూకట్‌పల్లి_పద్మ: ఆ లోపమే పెద్దది. మా చెల్లెలు ఉచిత వీడియోలు రెండుసార్లు మొదలుపెట్టి మానేసింది. డబ్బు కట్టాకే పట్టుదల వచ్చింది. అందరికీ సొంతంగా చదివే క్రమశిక్షణ ఉంటుందనుకోవడం కూడా ఒక రకం అహంకారమే.

విశ్రాంత_అధ్యాపకుడు: పట్టుదలకు లక్ష రూపాయల అప్పు అవసరమన్న మాట నేను ఒప్పుకోను.

గుంటూరు_బీకాం: అందరికీ ధన్యవాదాలు. కౌన్సిలర్‌ను టైంటేబుల్, నమూనా సర్టిఫికెట్, వాపసు గడువు మెయిల్‌లో పంపమన్నాను. నమూనా సర్టిఫికెట్ వచ్చింది, కింద ఉన్న సంతకం ఒక హబ్ ముఖ్య కార్యనిర్వహణాధికారిది. టైంటేబుల్ చేరాక ఇస్తారట. వాపసు గురించి ఫోనులో చెప్పారు, రాసివ్వలేదు. శనివారం గడువును మాత్రం అడగకుండానే వచ్చే బుధవారానికి పొడిగించారు.

మాజీ_మెంటర్: చేరాక ఇచ్చే టైంటేబుల్ చేరాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికిరాదు. బుధవారం కూడా పొడిగిస్తారు. ఆ హబ్ మెయిల్ చిరునామాకు మీరే రాసి, జవాబు వచ్చేదాకా ఆధార్, పాన్ వివరాలు ఇవ్వకండి. అప్పు దరఖాస్తు నింపడానికి వారికి ముందుగా కావలసినవి ఆ రెండే.

వాయిదాల_బాధితుడు: ఓటీపీ కూడా చెప్పకండి. ‘సీటు ఖాయం చేయడానికి’ అని నన్ను అడిగిన ఓటీపీ అప్పు ఒప్పందానిదే.