సిడ్నీ విమానాశ్రయ రైలు అదనపు రుసుము: అమ్మానాన్నల కోసం సలహా కావాలి

వచ్చే నెల అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి సిడ్నీకి వస్తున్నారు. ఇంటర్నేషనల్ టెర్మినల్ నుంచి వెంట్‌వర్త్‌విల్‌లోని మా ఇంటికి రైల్లో తీసుకురావాలని ఉంది. సిడ్నీ రైళ్లలో, బస్సుల్లో వాడే మామూలు ఓపల్ కార్డు అక్కడి గేట్ల దగ్గర పనిచేస్తుందని తెలుసు. చిక్కంతా విమానాశ్రయ స్టేషన్ వాడినందుకు వేసే స్టేషన్ యాక్సెస్ ఫీజుతోనే. అక్కడ ఎక్కినా దిగినా మనిషికి 17-18 డాలర్లు, టికెట్ ధర దీనికి అదనం. రోజువారీ గరిష్ఠ ఛార్జీ పరిమితిలోకి కూడా ఇది రాదు. ఎదురెళ్లేటప్పుడు నాకు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు మా ముగ్గురికీ మరోసారి పడితే, ఆ రుసుమే దాదాపు 70 డాలర్లు అవుతుంది. అందుకని మూడు విషయాలు అడుగుతున్నాను.

విమానాశ్రయానికి దగ్గర్లోని మాస్కట్ స్టేషన్‌లో ఈ రుసుము లేదు కాబట్టి 420 నంబరు బస్సులో అక్కడికి వెళ్లి రైలెక్కవచ్చు. నాలుగు పెద్ద పెట్టెలతో, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో అది సాధ్యమేనా? ఎవరైనా అలా వెళ్లి ఉంటే దయచేసి చెప్పండి.

ఒక కార్డుతో ఒక్కరే వెళ్లాలి కనుక అమ్మానాన్నలకు వేరే కార్డులు కావాలి. భారతీయ బ్యాంకు కార్డును గేటుకు ఆనిస్తే తీసుకుంటుందా, విదేశీ లావాదేవీ రుసుము ఎంత పడింది?

ఈ రుసుముకు సోమవారం నుంచి ఆదివారం వరకు విడిగా ఒక వారపు పరిమితి ఉంది. అదే వారంలో తమ్ముడినీ విమానాశ్రయంలో దించాలి. నేను ఒకసారి కార్డు, ఒకసారి ఫోను వాడితే ఆ లెక్క కలుస్తుందా?