పిండి మర మోటారు బోల్టులు: స్ప్రింగ్ వాషరా, లాక్‌టైటా?

గోధుమపిండి: మా పిండి మర మోటారును యాంగిల్ స్టాండు మీద 10 ఎంఎం బోల్టులతో బిగించాం. స్ప్రింగ్ వాషర్లు వేసినా వారానికే వదులవుతున్నాయి. మరలకు పూసే జిగురు లాక్‌టైట్ పూస్తే ఆగుతుందా?

పాతకాపు: స్ప్రింగ్ వాషర్ వేశాక కూడా వదులైందంటే బిగింపు సరిగా లేదన్నమాట. ముప్పై ఏళ్లుగా నేను వేస్తున్నది అదే. సీసాల మందులు దేనికి?

లేత్_శారద: బోల్టు పూర్తిగా బిగిసేలోపే ఆ వాషర్ అణిగిపోతుంది. ఆ తర్వాత అది మామూలు వాషరే. అదురుకు మోటారు కాలు పక్కకు జరిగిన ప్రతిసారీ నట్టు రవ్వంత వెనక్కి తిరుగుతుంది. 1969లోనే యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని పరీక్ష చేసి చూపించారు.

పాతకాపు: ఆయన మన మర చూశారా?

బుల్లెట్_బాబు: నా బండి సైలెన్సర్ బోల్టుకు నీలం లాక్‌టైట్ పూశాను, ఊడిపోయింది. డబ్బు దండగ.

లేత్_శారద: సైలెన్సర్ వేడికి నీలం పట్టు నిలవదు బాబు గారూ. మోటారు కాలికి ఆ వేడి ఎక్కడిది?

గోధుమపిండి గారూ, ముందు గట్టిగా బిగించి, బోల్టు మొన, నట్టు, ప్లేటు మూడింటి మీదుగా పెయింటుతో ఒకే గీత గీయండి. వారం తర్వాత గీత తెగి ఉంటే నట్టు తిరిగినట్టు. గీత అలాగే ఉండి బోల్టు వదులైతే, నట్టు కింద ఏదో నలిగి బిగువు పోయినట్టు. అలాంటి దాన్ని ఏ మందూ ఆపలేదు.

గోధుమపిండి: రెండింటికి గీత తెగింది. మిగతా రెండింటికి చెక్కుచెదరలేదు, కానీ పానా పెడితే సులువుగా తిరుగుతున్నాయి. స్టాండుకు పెయింటు రెండు కోట్లు వేయించాం.

లేత్_శారద: నలిగింది ఆ పెయింటే. కాలు కూర్చునే చోటా, నట్టు కిందా ఇనుము కనబడేలా గీకండి. బోల్టు దూరే పొడవు గాడి మీద మందపాటి ప్లేటు వాషర్ వేయండి. తల మీద 8.8 అని ఉన్న బోల్టయితే 45 న్యూటన్ మీటర్ల దాకా బిగించవచ్చు. బోల్టు మరల మీద నూనె లేకుండా తుడిచాకే నీలం పూయండి, ఒక రోజు ఆరనివ్వండి.

పాతకాపు: ఒక రోజా! బెల్టు సాగినప్పుడల్లా మోటారు జరపాలి. ప్రతిసారీ పాత మందు గీకి, కొత్తది పూసి, మర మూసుకుని కూర్చోవాలా? ఎవరో ఎర్ర మందు పూసిన నట్టు విప్పబోతే స్టడ్డు విరిగింది. ఆ డబ్బు నా కూలిలోంచి కోశారు. పరీక్షలు చేసేవాళ్లకు ఇవి పట్టవు.

లేత్_శారద: ఎర్రది వేడి చేయనిదే రాదు, నేను చెప్పింది నీలం. అయినా మీ గొడవ వాషర్ గురించి కాదు, తరచూ విప్పే బోల్టు గురించి. ఆ మాట మొదటే అంటే సరిపోయేది. మోటారు కాళ్లకు లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు వేసి, విప్పని స్టాండు జాయింట్లకు నీలం పూస్తే చాలు.

పాతకాపు: నైలాక్ నాలుగుసార్లు విప్పితే నైలాన్ అరిగిపోతుంది.

లేత్_శారద: నట్టు మార్చండి. ఎంత ఖర్చు?

పాతకాపు: మా ఊళ్లో దొరికితే కదా!

గోధుమపిండి: ప్రస్తుతానికి పెయింటు గీకుతున్నాను.