కిలో బోర్డులో 0.2 గ్రాముల బంగారం: దాని కోసం యాసిడ్ పెట్టొచ్చా, పెట్టకూడదా?

పాతబోర్డు: పాత కంప్యూటర్ బోర్డులు విడదీసి అమ్ముతుంటాం. యాసిడ్‌తో బంగారం తీయడం ప్రమాదమని అందరూ అంటారు, ఎందుకో ఎవరూ వివరంగా చెప్పరు. ఎగ్జాస్ట్ ఫ్యాను, గ్లౌజులు, మాస్కు పెట్టుకుని తక్కువ మోతాదులో చేస్తే ఫర్వాలేదా? లేక ఎంత జాగ్రత్తపడినా వద్దంటారా?

లోహవేది: వద్దంటాను. కారణం బంగారంలో లేదు, రాగిలో ఉంది.

మంచి రకం కంప్యూటర్ బోర్డుల్లో టన్నుకు సుమారు 200 గ్రాముల బంగారం ఉంటుంది. అంటే కిలోకు 0.2 గ్రాములు. అదే కిలోలో రాగి దాదాపు 200 గ్రాములు, బంగారానికి వెయ్యి రెట్లు. యాసిడ్ ముందు రాగినే తింటుంది. ఒక కిలో బోర్డుల ముక్కలను గాఢ నైట్రిక్ యాసిడ్‌లో వేశారనుకోండి. రాగి విషయంలో జరిగేది ఇది:

```
Cu + 4HNO3 → Cu(NO3)2 + 2NO2 + 2H2O
```

200 గ్రాముల రాగికి గాఢ యాసిడ్ సుమారు 0.8 లీటరు ఖర్చవుతుంది. బయటికొచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ దాదాపు 290 గ్రాములు, అంటే 150 లీటర్ల గోధుమ రంగు వాయువు. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో అది కలిసిపోతే 4,000 పీపీఎం దాటుతుంది. 13 పీపీఎం ఉంటేనే ప్రాణానికి వెంటనే ముప్పు కింద లెక్క. ఫ్యాను నాలుగింట మూడొంతులు లాగేసినా, మిగిలింది ఆ హద్దుకు డెబ్బై అయిదు రెట్ల పైనే. పైగా మామూలు ఫ్యాను గదిలోని గాలిని కదుపుతుందే తప్ప గిన్నె మీది పొగను మీ ముఖం దాకా రాకుండా ఆపదు. గుడ్డ మాస్కు గానీ N95 గానీ దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపదు.

చల్లగాలి: లెక్క బాగుంది గానీ ఒక్క మాట. ఆ పొగ పీలిస్తే వెంటనే దగ్గు వస్తుంది కదా, మనిషి బయటికి పరుగెత్తుతాడు. బయటి గాలిలో అరగంట కూర్చుంటే సర్దుకుంటుంది. భయపెట్టినంత ఉండదనే నా ఉద్దేశం.

లోహవేది: చల్లగాలి గారూ, మీరు చెప్పింది క్లోరిన్‌కు కొంతవరకు సరిపోతుంది. నైట్రోజన్ డయాక్సైడ్‌కు సరిపోదు. అది నీటిలో అంత తేలిగ్గా కరగదు కాబట్టి ముక్కు, గొంతు దగ్గర పెద్దగా మండించకుండానే ఊపిరితిత్తుల అడుగు వరకు వెళ్తుంది. అక్కడ తేమతో కలిసి యాసిడ్ అవుతుంది. మీరన్నట్టు దగ్గు తగ్గిపోతుంది, మనిషి ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మరుసటి రోజుకు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయాసం, నురగతో కూడిన కఫం, పెదవులు నీలం కావడం అప్పుడు కనిపిస్తాయి. అది తప్పించుకున్నవాళ్లలో కూడా కొందరికి రెండు మూడు వారాల తర్వాత సన్నటి శ్వాసనాళాలు పూడుకుపోయి ఆయాసం తిరిగొస్తుంది.

కాబట్టి గోధుమ పొగ పీల్చిన మనిషి బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ వాయువు పీల్చాడో డాక్టరుకు పేరు పెట్టి చెప్పాలి, ఒక రోజైనా కనిపెట్టి ఉండమని అడగాలి. ఆ గంటల్లో మెట్లెక్కడం, బరువులు మోయడం చేయకూడదు. "సర్దుకుంటుంది" అన్న మాట ఈ ఒక్క విషయంలో ప్రాణం తీస్తుంది. దయచేసి దాన్ని అలా వదిలేయకండి.

నిదానం: లోహవేది గారు నైట్రిక్ గురించే మాట్లాడుతున్నారు. ఇప్పుడు చాలామంది హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొంచెం 3 శాతం పెరాక్సైడ్ కలిపి చేస్తారు. కార్డుల అంచున బంగారు పూత పట్టీలు, అంటే గోల్డ్ ఫింగర్ల భాగం మాత్రమే కత్తిరించి అందులో వేస్తారు. గోధుమ పొగ రాదు. వారం రోజుల్లో పూత కింద ఉన్న రాగి కరిగి, బంగారు రేకులు ఊడి తేలుతాయి. బంగారం అసలు కరగదు. ఇది ప్రమాదం లేని పద్ధతి. మీ వాదన దీనికి వర్తించదు.

లోహవేది: సగం ఒప్పుకుంటాను. గోధుమ పొగ రాదన్నది నిజం, ఫింగర్లు కత్తిరించి వేస్తే రాగి తక్కువ కరుగుతుందన్నదీ నిజం. మిగతా సగం చూద్దాం.

మొదటిది, అక్కడ నిజంగా రాగిని తినేది కరిగిన రాగి క్లోరైడే. పెరాక్సైడ్ దాన్ని మొదలుపెడుతుంది, ఆ తర్వాత గాలిలోని ఆక్సిజన్ సరిపోతుంది. ఇది తెలియనివాళ్లు "నెమ్మదిగా ఉంది" అని పెరాక్సైడ్ పోస్తూ పోతారు. అప్పుడు క్లోరిన్ పుడుతుంది, బంగారం కూడా కొంత కరుగుతుంది. బంగారం కరగదన్న మాట కొలత దాటనంత వరకే. గిన్నె తెరిచి ఉంచితే యాసిడ్ ఆవిరి బయటికి వస్తూనే ఉంటుంది. చుట్టుపక్కల ఇనుప సామాన్లకు వారంలో తుప్పు పట్టిందంటే, అదే గాలి అక్కడున్న మనుషులూ పీల్చారని అర్థం.

రెండోది, రంగు చూసి మోసపోవడం. మెమరీ కార్డుల అంచున ఉండే గట్టి పూత మందం 0.75 మైక్రాన్ దాకా ఉండొచ్చు. చదరపు సెంటీమీటరుకు సుమారు 1.45 మిల్లీగ్రాముల బంగారం. బోర్డు మధ్యలో పసుపుగా మెరిసే ప్యాడ్ల మీద పూత 0.05 నుంచి 0.1 మైక్రాన్ మాత్రమే, అంటే చదరపు సెంటీమీటరుకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాములు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. రెండోదాన్ని యాసిడ్‌లో వేస్తే వచ్చే రేకు ఫిల్టర్ కాగితంలోంచి జారిపోయేంత పలచన. చిప్పుల లోపలి సన్నతీగలకైతే ఈ ద్రావణం చేరనే చేరదు.

మూడోది వ్యర్థం. నైట్రిక్ అయినా, మీ పద్ధతి అయినా కరిగిన లోహం ఎక్కడికీ పోదు, సీసాలోనే ఉంటుంది. తాగునీటిలో రాగికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు. ఒక కిలో బోర్డుల్లోని 200 గ్రాముల రాగిని ఆ హద్దుకు తేవాలంటే లక్ష లీటర్ల నీళ్లు కావాలి. చేపలకైతే అంతకన్నా చాలా తక్కువ రాగే చాలు. ఇక నికెల్, టంకంలోని సీసం అందులోనే ఉన్నాయి.

పాతబోర్డు: నిదానం గారి పద్ధతిలోనైనా, నైట్రిక్‌లోనైనా కనీసం బంగారం పూర్తిగా చేతికొస్తుందా? ప్రమాదం పక్కన పెట్టి అడుగుతున్నాను.

కొలిమి: రాదండీ. అది కూడా రాగి వల్లే. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లు కలిపిన ఆక్వా రీజియాలో బంగారం కరిగినా, గిన్నెలో కరగని రాగి ముక్క ఒక్కటి మిగిలితే చాలు. యాసిడ్ బలం తగ్గగానే కరిగిన బంగారం మళ్లీ ఆ రాగి మీదకు నల్లటి పొరలా దిగుతుంది. చేసేవాళ్లు దాన్ని మసి అనుకుని కడిగి పారబోస్తారు.

తగరం ఇంకో తలనొప్పి. నైట్రిక్‌లో అది కరగదు, తెల్లటి జిగురు ముద్ద అవుతుంది. ఆ ముద్ద ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది, సన్నటి బంగారాన్ని తనలో దాచుకుంటుంది. ఇక చివర్లో బంగారం దించడానికి సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తారు కదా, అప్పటికి నైట్రిక్ మిగిలి ఉంటే దిగిన బంగారం మళ్లీ కరుగుతుంది. "ఇంకొంచెం వేద్దాం" అని పొడి కుమ్మరిస్తే గోధుమ పొగ, సల్ఫర్ డయాక్సైడ్ కలిసి నురగతో పొంగి మీద పడుతుంది. గుర్తుపట్టడం కష్టం కాదు: పొడి వేయగానే గోధుమ పొగ లేచిందంటే నైట్రిక్ ఇంకా ఉన్నట్టే. చాలా ప్రమాదాలు ఈ ఆఖరి మెట్టులోనే జరుగుతాయి.

సీసా_నిండా: నా ప్రశ్న వేరు. నిదానం గారు చెప్పిన పద్ధతిలో మిగిలిన ఆకుపచ్చ నీళ్లు నా దగ్గర 4 లీటర్లు ఉన్నాయి. సున్నం కలిపి పారబోస్తే సరిపోతుందా? బ్లీచింగ్ కూడా కలపమన్నారు ఒకరు.

లోహవేది: బ్లీచింగ్ కలపకండి. యాసిడ్‌లో బ్లీచింగ్ పడితే క్లోరిన్ వస్తుంది. సైనైడ్ తాకిన గిన్నె గానీ నీళ్లు గానీ దాని దరిదాపుల్లో ఉండకూడదు, యాసిడ్ తగిలితే హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది.

మీ దగ్గర అధికారికంగా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లుంటే ప్లాస్టిక్ సీసాలో, పేరు రాసి, అలాగే ఇవ్వండి. అదే అన్నిటికన్నా మంచిది. శుద్ధి చేసే వసతి ఉన్నచోట మాత్రం ముందు ఆరుబయట ఇనుప తుక్కు వేస్తారు. రాగి ఎర్రటి పొడిలా దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మూత బిగించరు, నిప్పు దగ్గరికి రానివ్వరు. శుభ్రంగా రుద్దిన మేకు ముంచితే ఎర్ర పొర పట్టకూడదు, అప్పుడు రాగి దిగిపోయినట్టు. ఆ తర్వాత సున్నం నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 9, 10 మధ్యకు తెస్తారు. మించిపోయి 12కు వెళ్తే దిగిన సీసం మళ్లీ కరుగుతుంది. అమ్మోనియా వాడితే రాగి ముదురు నీలంగా కరిగే ఉండిపోతుంది. చివరికి అడుగున మిగిలే మడ్డి కూడా ప్రమాదకర వ్యర్థమే, అది మట్టిలోకి పోకూడదు. పై నీళ్లను పరీక్ష చేయించకుండా వదలకూడదు. 4 లీటర్లకు ఇంత పని.

నిదానం: సరే, వ్యర్థం లెక్క నేను తక్కువగా అనుకున్నాను. కానీ బోర్డులను కొలిమిలో కరిగించి లోహాలు తీసే పెద్ద స్మెల్టర్లు మాత్రం శుభ్రమా? బెల్జియంలో హోబోకెన్ స్మెల్టర్ దగ్గరి పిల్లల రక్తంలో సీసం గురించి 2020లో కూడా వార్తలొచ్చాయి.

కొలిమి: నిజమే, దాన్ని కాదనను. ఆ పిల్లల రక్తాన్ని క్రమం తప్పకుండా పరీక్షిస్తారు కాబట్టే ఆ సంగతి బయటికి తెలిసింది. యాసిడ్ గిన్నె పక్కింటి పిల్లల రక్తాన్ని ఎవరు పరీక్షిస్తారు?

పని తీరులోనూ తేడా ఉంది. రాగి స్మెల్టర్‌లో సుమారు 1,200 డిగ్రీల వేడిలో బోర్డులోని రాగి కరిగి బంగారం, వెండి, పల్లాడియంలను తనలోకి లాక్కుంటుంది. గిన్నెలో శత్రువైన రాగి అక్కడ మోసుకెళ్లే బండి. తర్వాత విద్యుత్తుతో రాగిని శుద్ధి చేస్తే ఆ లోహాలు అడుగున బురదగా మిగులుతాయి. బోర్డులోని బ్రోమిన్ ప్లాస్టిక్ మండితే వచ్చే విష పదార్థాల కోసం విడిగా పొగ శుద్ధి ఉంటుంది. అందుకే పాతబోర్డు గారికి లాభం చేతిపనిలోనే ఉంది: మెమరీ కార్డులు, ప్రాసెసర్లు, మదర్‌బోర్డులు, పవర్ సప్లై బోర్డులు వేర్వేరు సంచుల్లో పెట్టడం, అల్యూమినియం హీట్‌సింకులు, ఇనుప పట్టీలు, బటన్ బ్యాటరీలు తీసేయడం. అల్యూమినియం ఎక్కువైతే కొలిమిలో మడ్డి చిక్కబడుతుంది. బోర్డులను మాత్రం పొడి చేయకండి, బంగారం దుమ్ములో పోతుంది.

పాతబోర్డు: వేరు చేయడం మాకు వచ్చు. చిక్కు అక్కడ కాదండీ. స్మెల్టర్లు టన్నుల్లో తప్ప తీసుకోవు. మధ్యవాడు సంచి పైనుంచి రెండు బోర్డులు తీసి చూసి రేటు చెప్తాడు. అది సరైన లెక్కో కాదో మాకెలా తెలుస్తుంది? యాసిడ్ వైపు చూసేది అందుకే.

కొలిమి: సంచి పైనుంచి తీసిన రెండు బోర్డులు నమూనా కావు. బంగారం బోర్డంతా సమానంగా ఉండదు. సరైన పద్ధతి మొత్తం సరుకును రాగితో కలిపి కరిగించి, ఆ కడ్డీలోంచి ముక్క తీసి పరీక్షించడం. నలుగురైదుగురు కలిసి ఒకే రకం సరుకు పోగేస్తే ఆ షరతు పెట్టే బలం వస్తుంది. పరీక్ష కాగితం మీ చేతికివ్వాలని ముందే రాయించుకోండి.

పాతబోర్డు: కలిసి పోగేస్తే ఎవరి సరుకులో ఎంత ఉందన్న తగువు మా మధ్యే మొదలవుతుంది. దానికి దారి తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.