ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ పక్కన బీఓఎం: ప్రతి పార్టూ రాయాలా, కొనే సరుకు మాత్రమే రాయాలా?

ఆటోనగర్ డ్రాఫ్టర్ (ప్రశ్న): కన్వేయర్ పుల్లీ అసెంబ్లీ సాలిడ్‌వర్క్స్‌లో పూర్తయింది. 70 మి.మీ. షాఫ్టు, రెండు చివర్లా ప్లమ్మర్ బ్లాకులు. ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ తీసి `Parts only` బీఓఎం పెట్టాను. లొకేటింగ్ రింగులు 4 చూపిస్తోంది, ఫిట్టరేమో 2 చాలంటున్నాడు. స్లీవు నట్టు, వాషరు వేరే వరుసల్లో ఉండేసరికి స్టోర్స్ వాళ్లు వాటికి విడిగా ఇండెంట్ పెట్టేశారు. `Top-level only`కి మార్చేయనా?

మధురవాడ డిజైన్: మార్చేయండి, గొడవ వదిలిపోతుంది. బ్లాకు మొత్తం ఒకే వరుసలోకి వస్తుంది, క్వాంటిటీ 2. తర్వాత `Auto Balloon` కొడితే నంబర్లు వాటంతటవే పడతాయి. ఎక్స్‌ప్లోడ్‌కి మాత్రం వేరే కాన్ఫిగరేషన్ తప్పనిసరి.

పాత మెయింటెనెన్స్: అలా చేస్తే 4 రింగుల తప్పు పోదు బాబూ, ఒక్క వరుస వెనక దాక్కుంటుంది. ముందు ఆ 4 ఎందుకొచ్చిందో చూడండి. బ్లాకుని ఒకసారి రింగులతో మోడల్ చేసి, అదే రెండు చివర్లా పెట్టి ఉంటారు. ఒక చివర బేరింగు కదలకూడదు కాబట్టి దానికి రెండు పక్కలా రింగులు వేస్తాం. రెండో చివర రింగులుండవు, బేరింగు హౌసింగు మధ్యలో కూర్చుంటుంది. బేరింగుల మధ్య 1.2 మీటర్ల షాఫ్టు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు అక్కడ చోటుండాలి. రెండు చివర్లా రింగులు బిగిస్తే ఆ తోపుడంతా బేరింగుల మీద పడి అవి కాలిపోతాయి. అంటే మీ టేబుల్ అబద్ధం చెప్పలేదు, మోడల్ ఎలా ఉంటే అలాగే లెక్కపెట్టింది. బ్లాకుకి FIXED, FREE అని రెండు కాన్ఫిగరేషన్లు చేసి, FREEలో రింగులు సప్రెస్ చేయండి. లెక్క 2కి దిగుతుంది.

నట్టు సంగతి వేరు. మీది 22216 K బేరింగు అయితే దానికి H 316 స్లీవు. KM 16 నట్టు, MB 16 వాషరు దాంతోపాటే వస్తాయి. ఆ మూడింటినీ ఒక సబ్ అసెంబ్లీ చేసి, దాని కాన్ఫిగరేషన్ ప్రాపర్టీస్‌లో పిల్ల పార్టుల డిస్‌ప్లేని `Hide` చేయండి. `Parts only`లో కూడా H 316 ఒకే వరుసగా వస్తుంది, క్వాంటిటీ 2. బొమ్మలో నట్టు, వాషరు విడిగానే కనిపించనివ్వండి, ఎక్స్‌ప్లోడ్ చేసేటప్పుడు సబ్ అసెంబ్లీ లోపలి పార్టుల్ని ఎంచుకునే ఆప్షన్ ఉంది. బెలూన్ మాత్రం స్లీవు మీద ఒక్కటి చాలు.

మధురవాడ డిజైన్: రింగుల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎక్స్‌ప్లోడ్‌కి వేరే కాన్ఫిగరేషన్ ఉండాలనేది మా దగ్గర రూలు.

పాత మెయింటెనెన్స్: మీ ఆఫీసు పద్ధతి అయితే సరే, సాఫ్ట్‌వేర్‌కి ఆ అవసరం లేదు. ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ ఇప్పుడున్న కాన్ఫిగరేషన్ కిందే ఉంటుంది. డ్రాయింగులో వ్యూ ప్రాపర్టీస్‌లో టిక్ పెడితే విడిపోతుంది, తీస్తే కలుస్తుంది. వేరేది చేశారంటే, టేబుల్ ఒక కాన్ఫిగరేషన్ చదువుతుంటే వ్యూ ఇంకోటి చూపించే ప్రమాదం ఉంది. అప్పుడు బెలూన్లో నంబరు బదులు `*` పడుతుంది. దాని మీద చేత్తో నంబరు టైపు చేసే పని మాత్రం పెట్టుకోకండి. టేబుల్‌తో లింకు తెగిపోతుంది, రేపు వరుసలు మారిస్తే ఆ బెలూన్ పాత నంబరుతోనే ఉండిపోతుంది.

కొత్త ఇంజినీర్: మా పంపు డ్రాయింగులో ఒకే బోల్టుకి ఎనిమిది బెలూన్లు వస్తున్నాయి, షీటంతా నిండిపోతోంది. ఇదీ అలాంటి ప్రాబ్లమేనా?

మధురవాడ డిజైన్: కాదండీ. `Auto Balloon`లో `Ignore multiple instances` టిక్ పెట్టండి, ఒక్కటే మిగులుతుంది.

గాజువాక ఫిట్టర్: అన్నా, ఆ టిక్ ఈ పుల్లీకి పెట్టాక ఒకసారి షీటు చూసుకో. బేరింగు బెలూన్ ఏదో ఒక చివరే పడుతుంది. రింగుల బెలూన్ ఫిక్స్‌డ్ చివరే ఉండాలి, ఫ్రీ చివర పక్కన "రింగులు లేవు" అని రాసి పెట్టు. అసలు నన్నడిగితే పేల్చిన బొమ్మ కన్నా కోసిన బొమ్మే మేలు. బేరింగుకి రెండు పక్కలా 12.5 మి.మీ. రింగు ఉందో, ఖాళీ ఉందో సెక్షన్లో చూడగానే తెలుస్తుంది. విడిపోయిన పార్టులు చూస్తే ఏది ముందు ఎక్కించాలో తెలుస్తుంది గానీ, ఎక్కడ కూర్చోవాలో తెలియదు.

పాత మెయింటెనెన్స్: ఎక్కించే వరుస తెలియకే కదా కొత్త కుర్రాళ్లు వాషరు మర్చిపోయి నట్టు బిగించేది. నేను ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ వదలను.

ఆటోనగర్ డ్రాఫ్టర్: FREEలో రింగులు తీశాక టేబుల్లో 2 వచ్చింది. H 316 కూడా ఒక్క వరుసైంది. కానీ షీటు ఏ3, సెక్షన్ కూడా పెడితే బెలూన్లు ఇరుకవుతాయి. రెండో షీటు వేస్తే షాపులో ఒకటే తీసుకెళ్తారు.

గాజువాక ఫిట్టర్: అయితే ఫ్రీ చివర ఒక్కదానికే చిన్న సెక్షన్ ఆ మూల పెట్టు. అక్కడ బెలూన్లు వద్దు.